91 రోజుల తరవాత

ఉట్నూర్‌లో ఐటీడీఏ కార్యాలయం, ఆశ్రమ పాఠశాలలు, వసతిగృహాలు, ఆస్పత్రి రోజూ నడుస్తున్నాయంటే అందులో ఔట్‌సోర్సింగ్ సిబ్బంది పాలు పెద్దది. అటెండర్లు, వంటవాళ్లు, వార్డుల్లో పనిచేసేవాళ్లు, పారిశుద్ధ్య కార్మికులు చాలామంది ఈ కోవలోకే వస్తారు. వాళ్ల జీతం కాగితంలో పీఎఫ్ పక్కన ఈఎస్ఐ కోత ఉంటుంది. నెలకు 15,600 రూపాయలు వచ్చే ఉద్యోగికి ఆ కోత 117 రూపాయలు. యజమాని వాటా కింద మరో 507 రూపాయలు కలుస్తాయి. అంటే ఆ ఒక్క మనిషి పేరున నెలకు 624 రూపాయలు కార్మిక రాజ్య బీమా సంస్థకు చేరాలి. మందులు, వైద్యం సంగతి ఎంతోకొంత అందరికీ తెలుసు. కానీ జబ్బుతో పనికి పోలేని రోజుల్లో ఆ బీమా ఎన్నాళ్లు డబ్బు ఇస్తుంది, ఆ గడువు తీరాక కూడా మనిషి కోలుకోకపోతే ఏమవుతుంది అన్న ప్రశ్నకు జవాబు చందా కట్టేవాళ్లలో చాలామందికి తెలియదు. జవాబు అంత బాగా లేదు కూడా. మన చట్టంలో జబ్బు భృతి ఒక దారి, అంగవైకల్య భృతి వేరొక దారి. మొదటి దారి చివరికి వచ్చినవాడిని రెండో దారిలోకి చేర్చే ఏర్పాటు లేదు. సాంకేతిక సమస్యగా కనిపించే ఈ లోపం ఏజెన్సీ ప్రాంతపు కార్మికుడి మీద మిగతావాళ్ల కంటే ఎక్కువ బరువు మోపుతోంది.

ముందుగా జబ్బు భృతి లెక్క చూద్దాం. ఈఎస్ఐలో ఏడాదిని రెండు చందా కాలాలుగా విడగొట్టారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు కట్టిన చందాకు వచ్చే జనవరి నుంచి జూన్ వరకు భృతి హక్కు వస్తుంది. అక్టోబరు నుంచి మార్చి వరకు కట్టినదానికి జులై నుంచి డిసెంబరు వరకు వస్తుంది. ఆ ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. కొత్తగా చేరినవాడికి జబ్బు భృతి హక్కు మొదలయ్యేది తొమ్మిది నెలల తరవాతే. అర్హత ఉంటే సగటు రోజు వేతనంలో 70 శాతం ఇస్తారు. ఏడాదిలో, అంటే వరుసగా రెండు భృతి కాలాలు కలిపి, గరిష్ఠంగా 91 రోజులు ఇస్తారు. 15,600 జీతం మీద ఏప్రిల్–సెప్టెంబరు మధ్య వచ్చిన 93,600 రూపాయలను 183 రోజులతో భాగిస్తే రోజుకు సుమారు 511 రూపాయలు. అందులో 70 శాతం 358 రూపాయలు. మొత్తం 91 రోజులూ వాడుకుంటే చేతికి వచ్చేది దాదాపు 32,600 రూపాయలు. కాలు విరిగి అతికినవాడికి, టైఫాయిడ్‌తో నెల రోజులు మంచాన పడినవాడికి ఇది ఆదుకునే మొత్తమే. ఆ మేరకు ఈ పథకాన్ని తక్కువ చేయలేం. 1952లో కాన్పూర్, ఢిల్లీల్లో మొదలైన నాటి నుంచి దీని వెనక ఉన్న ఊహ ఒకటే: జబ్బు వస్తుంది, కొన్ని వారాలు ఉంటుంది, తగ్గుతుంది, మనిషి మళ్లీ మిల్లుకు పోతాడు.

ఆ ఊహకు లొంగని జబ్బు ఒకటి ఉట్నూర్ చుట్టుపక్కల గూడేలన్నిటికీ తెలుసు. అది సికిల్‌సెల్ ఎనీమియా. గోండులతో పాటు మధ్య భారతంలోని అనేక ఆదివాసీ సమూహాల్లో తరతరాలుగా ఉన్న రక్త వ్యాధి ఇది. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఎముకల్లో, ఛాతీలో, కడుపులో భరించలేని నొప్పి వస్తుంది. నాలుగైదు రోజులో వారమో ఉండి తగ్గుతుంది. ఎండకు ఒంట్లో నీరు తగ్గినా, చలి తగిలినా, జ్వరం వచ్చినా మళ్లీ తిరగబెడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ రక్తప్రసారం అందక తుంటి ఎముక తల పాడై నడక కష్టమయ్యేవాళ్లు ఉన్నారు. కొందరికి మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అంటే ఈ జబ్బు మొదట్లో ముక్కలు ముక్కలుగా పని రోజులను తింటుంది, తరవాత పనిచేసే శక్తినే తింటుంది. ఈ రెండు దశల్లోనూ ఈఎస్ఐ నిబంధనలు రోగికి అడ్డంగానే ఉన్నాయి.

మొదటి దశలోని అడ్డంకి నిరీక్షణ రోజులు. జబ్బు మొదలైన తొలి రెండు రోజులకు భృతి ఇవ్వరు. అంతకుముందు జబ్బు తగ్గిన 15 రోజుల లోపే మళ్లీ పడితేనే ఈ కోత ఉండదు. ఒక ఏడాదిలో ఆరుసార్లు, ఒక్కోసారి ఆరు రోజుల చొప్పున నొప్పి వచ్చిందనుకుందాం. రెండిటి మధ్య ఎడం 15 రోజులకు మించి ఉందనుకుందాం. మొత్తం 36 పని రోజులు పోయాయి. అందులో 12 నిరీక్షణ రోజులు, వాటికి పైసా రాదు. మిగిలిన 24 రోజులకు 358 చొప్పున 8,592 రూపాయలు వస్తాయి. పోయిన వేతనం 18,396. కాగితం మీద 70 శాతం అని ఉన్న భృతి చేతికి వచ్చేసరికి 47 శాతానికి దిగిపోయింది. ఇదీ ప్రతిసారీ ఈఎస్ఐ వైద్యుడి సర్టిఫికెట్ తెచ్చుకోగలిగితేనే. జైనూర్ దారిలోని గూడెంలో నొప్పితో మెలికలు తిరిగే మనిషి మొదట పోయేది దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి. ఈఎస్ఐ డిస్పెన్సరీ గుర్తొచ్చేది నొప్పి తగ్గాకే.

రెండో దశలోని అడ్డంకి ఒక జాబితా. దీర్ఘకాలిక జబ్బులకు ఈఎస్ఐలో పొడిగించిన జబ్బు భృతి ఉంది. 91 రోజులు అయిపోయాక రేటు 80 శాతానికి పెరుగుతుంది, గడువు రెండేళ్ల దాకా పోవచ్చు. రెండేళ్లుగా ఉద్యోగంలో ఉండి, నాలుగు చందా కాలాల్లో కలిపి 156 రోజుల చందా ఉండాలి. మంచి ఏర్పాటే. కానీ అది 34 జబ్బులకే వర్తిస్తుంది. క్షయ, కుష్ఠు, క్యాన్సర్, పక్షవాతం, గుండె వైఫల్యం, మూత్రపిండాల వైఫల్యం వంటివి అందులో ఉన్నాయి. సికిల్‌సెల్ లేదు. మూత్రపిండాలు పూర్తిగా చెడితే ఆ పేరుతో జాబితాలోకి రావచ్చు. తుంటి ఎముక అరిగి కర్ర పట్టుకున్నవాడికి ఆ దారీ లేదు. జాబితాలో లేని అరుదైన జబ్బులకు సంస్థ ఉన్నతాధికారులు ప్రత్యేకంగా మంజూరు చేసే అధికారం ఉన్న మాట నిజమే. అయితే ఒక వసతిగృహంలో వంట చేసే మనిషి ఫైలు అక్కడిదాకా నడిపించేదెవరు? ఇదే దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సికిల్‌సెల్ వ్యాధిని 21 వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. 2023 జులై 1న దాని నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలైంది. ఒక చట్టం వైకల్యం అన్నదాన్ని, ఇంకో చట్టం కింద నడిచే బీమా దీర్ఘకాలిక జబ్బుగా కూడా రాసుకోలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. జబ్బు భృతి గడువు తీరాక పనిచేసే శక్తి శాశ్వతంగా తగ్గిపోయిన మనిషికి ఈఎస్ఐ అంగవైకల్య భృతి ఇస్తుందా? ఆ వైకల్యం పని వల్ల వచ్చిందని తేలితేనే ఇస్తుంది. పనిలో జరిగిన ప్రమాదమైనా కావాలి, చట్టం మూడో షెడ్యూలులో ఉన్న వృత్తి వ్యాధైనా కావాలి. అది తేలిందా, లెక్కలు పూర్తిగా మారిపోతాయి. 78 రోజుల చందా షరతు లేదు, ఉద్యోగంలో చేరిన రోజు నుంచే హక్కు ఉంటుంది. రేటు 90 శాతం. తాత్కాలిక వైకల్యం ఎన్నాళ్లుంటే అన్నాళ్లు ఇస్తారు, 91 రోజుల గోడ లేదు. శాశ్వత వైకల్యమైతే సంపాదనా శక్తి ఎంత శాతం పోయిందో మెడికల్ బోర్డు తేలుస్తుంది, ఆ శాతం మేరకు జీవితాంతం నెలనెలా వస్తుంది. మన 15,600 ఉద్యోగికి 90 శాతం రేటు రోజుకు 460 రూపాయలు. బోర్డు 40 శాతం నష్టం అని తేలిస్తే రోజుకు 184, నెలకు దాదాపు 5,500 రూపాయలు బతికున్నంత కాలం. అదే 40 శాతం నష్టం పనితో సంబంధం లేని జబ్బు వల్ల వస్తే అంగవైకల్య భృతి కింద వచ్చేది సున్నా.

అందుకే మొదటి రోజు సర్టిఫికెట్ మీద ఏం రాశారన్నది ఆ మనిషి మిగతా జీవితాన్ని నిర్ణయిస్తుంది. ఒక ఉదాహరణ వివరంగా చూద్దాం. ఆస్పత్రి వార్డులో రోగుల పక్కలు మార్చే ఔట్‌సోర్సింగ్ కార్మికురాలికి క్షయ సోకిందనుకుందాం. డిస్పెన్సరీలో దాన్ని మామూలు జబ్బుగా రాస్తే 91 రోజులు 70 శాతం, క్షయ 34 జబ్బుల్లో ఉంది కాబట్టి ఆ తరవాత 80 శాతం, రెండేళ్లతో సరి. ఊపిరితిత్తి శాశ్వతంగా దెబ్బతిన్నా అక్కడితో కథ ఆగిపోతుంది. కానీ మూడో షెడ్యూలు మొదటి భాగంలో మొట్టమొదటి అంశమే అంటు వ్యాధులు. వైద్య, ప్రయోగశాల పనుల్లో అంటు సోకే ప్రత్యేక ప్రమాదం ఉన్నవాళ్లకు అవి వృత్తి వ్యాధులు. ఆ పనిలో ఉన్న మనిషికి ఆ జబ్బు వస్తే, కాదని రుజువు కానంత వరకు పని వల్లే వచ్చినట్టు భావించాలని చట్టం చెబుతోంది. రుజువు భారం ఆమె మీద లేదు. ఆ కోణంలో దరఖాస్తు చేస్తే ప్రత్యేక మెడికల్ బోర్డు చూస్తుంది. ఒప్పుకుంటే 90 శాతం, ఆ తరవాత శాశ్వత నష్టానికి పింఛను. బోర్డు కాదంటే అప్పీలు ట్రిబ్యునల్‌కో ఈఎస్ఐ కోర్టుకో పోవచ్చు. ఒకే మనిషి, ఒకే జబ్బు, ఒకే చందా. తేడా అంతా డాక్టరు అడిగిన, లేదా అడగని ఒక్క ప్రశ్నలో ఉంది: మీరు ఏం పని చేస్తారు?

ఆ ప్రశ్న ఎందుకు అడగరు? వైద్యుడికి ఎదురుగా ఉన్నది దగ్గు. పని వల్ల అని రాస్తే కాగితాలు పెరుగుతాయి. యజమాని వైపు నుంచి చూస్తే ప్రమాదం జరిగినప్పుడు ప్రమాద పుస్తకంలో రాయాలి, నివేదిక పంపాలి, ఆపై విచారణ. నిచ్చెన మీంచి పడ్డవాడిని ‘ఇంటి దగ్గర పడ్డానని చెప్పు, సెలవు నేను చూసుకుంటా’ అనడం అందరికీ సులువైన దారి. కార్మికుడికి ఆ పూట జరిగిన నష్టం కనపడదు. ఆర్నెల్ల తరవాత చెయ్యి తిరగడం లేదని తెలిసినప్పుడు, ప్రమాద నివేదిక లేని గాయాన్ని పని గాయమని నిరూపించాల్సి వస్తుంది. ఒకే కాలానికి జబ్బు భృతి, తాత్కాలిక వైకల్య భృతి రెండూ తీసుకోకూడదని చట్టం అంటుంది, రెండిటికీ అర్హత ఉంటే ఒకటి ఎంచుకునే హక్కూ ఇస్తుంది. ఆ ఎంపిక తన చేతిలో ఉందని తెలియనివాడి తరఫున దాన్ని ఇంకెవరో చేసేస్తున్నారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. వేతనం లేని రోజుకు చందా లేదు. మే మధ్యలో మంచాన పడి సెప్టెంబరు చివరిదాకా లేవని మనిషికి ఆ చందా కాలంలో పడ్డవి 45 రోజులే, 78 కాలేదు. కాబట్టి వచ్చే జనవరి–జూన్‌లో మళ్లీ జబ్బు పడితే మామూలు జబ్బు భృతికి అర్హత ఉండదు. ఎక్కువ జబ్బు పడ్డవాడికే తరవాతి జబ్బులో రక్షణ పోతుందన్నమాట. జబ్బు భృతి తీసుకుంటున్న కాలంలో ఉద్యోగం తీసేయకూడదని పాత ఈఎస్ఐ చట్టంలోని 73వ సెక్షన్ కాపలా పెట్టింది కానీ, ఔట్‌సోర్సింగ్ ఒప్పందమే మధ్యలో ముగిసిపోతే ఆ కాపలా ఎంతవరకు నిలుస్తుంది? పర్మినెంట్ ప్రభుత్వ ఉద్యోగికి సర్వీసులో వైకల్యం వస్తే అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలని దివ్యాంగుల హక్కుల చట్టం ఆదేశిస్తుంది. పక్క కుర్చీలో అదే పని చేసే ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి ఆ నీడలోకి రాలేకపోతున్నాడు.

పనితో సంబంధం లేని వైకల్యానికి ఈఎస్ఐ బయట ఏమీ లేదా అంటే, ఉన్నాయి, కానీ ఒక్కొక్కటీ ఒక్కో గుమ్మం దగ్గర ఆపేస్తుంది. పీఎఫ్‌తో పాటు ఉన్న 1995 నాటి పింఛను పథకం వైకల్య పింఛను ఇస్తుంది, అయితే వైకల్యం శాశ్వతం, సంపూర్ణం రెండూ కావాలి. సగం శక్తి పోయినవాడికి అది లేదు. ఈఎస్ఐలోనే రాజీవ్‌గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన ఉంది. పనికి సంబంధం లేని గాయం వల్ల 40 శాతానికి తక్కువ కాని శాశ్వత వైకల్యంతో ఉపాధి పోతే మొదటి ఏడాది సగం వేతనం, రెండో ఏడాది పావు వేతనం ఇస్తారు. ఇక్కడా రాసి ఉన్నది గాయం గురించే. మెల్లగా కమ్ముకున్న జబ్బు ఇందులోకి వస్తుందా రాదా అన్నది పట్టించుకునే అధికారి మీద ఆధారపడుతుంది. చివరి ఆశ రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే దివ్యాంగుల పింఛను, నెలకు 4,016 రూపాయలు. దానికి సదరం సర్టిఫికెట్ కావాలి, మళ్లీ మొదటి నుంచి పరీక్షలు, మళ్లీ క్యూ. ఈఎస్ఐ ఆస్పత్రిలో ఏళ్ల తరబడి పేరుకున్న అదే మనిషి వైద్య రికార్డు ఆ గదిలోకి తనంతట తాను నడిచి రాదు.

ప్రపంచంలో ఈ రెండు దారుల్నీ కలపడం ఎలాగో చాలాకాలం కిందటే ఆలోచించారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1952 నాటి 102వ ఒప్పందం జబ్బు భృతిని 26 వారాలకు తగ్గకుండా ఇవ్వమంది, 1969 నాటి 130వ ఒప్పందం దాన్ని 52 వారాలకు పెంచింది. మన మామూలు భృతి 13 వారాలు. ఆ 102వ ఒప్పందమే జబ్బు భృతి అయిపోయిన తరవాత కూడా పనిచేయలేని స్థితి కొనసాగితే, కారణం పనైనా కాకపోయినా, వైకల్య భృతి మొదలవ్వాలన్న సూత్రం పెట్టింది. భారతదేశం ఈ రెండిటినీ ఆమోదించలేదు. జర్మనీలో ఒకే జబ్బుకు మూడేళ్ల కాలంలో 78 వారాల దాకా భృతి ఉంటుంది. అది అయిపోయి, వైకల్య పింఛను దరఖాస్తు ఇంకా తేలకపోతే, తేలేదాకా నిరుద్యోగ బీమా డబ్బు ఇస్తుంది. మనిషిని రెండు శాఖల మధ్య ఖాళీలో నిలబెట్టకూడదన్నదే దాని ఉద్దేశం. జర్మనీ సంపద మనకు లేదు. అయితే ఈ ఏర్పాటుకు కీలకం సంపద కాదు, ఫైలు ఒక చేతి నుంచి ఇంకో చేతికి తప్పనిసరిగా మారాలన్న నియమం.

అలాంటి నియమం ఇక్కడా పెట్టొచ్చు. ఒక మనిషి జబ్బు భృతి 60వ రోజు దాటగానే, అతడు అడిగినా అడగకపోయినా ఫైలు మెడికల్ బోర్డుకు పోవాలి. బోర్డు మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబివ్వాలి: ఈ జబ్బుకు పనితో సంబంధం ఉందా, ఎప్పటికి తగ్గుతుంది, తగ్గకపోతే సంపాదనా శక్తి ఎంత పోతుంది. జవాబు వచ్చేదాకా 91వ రోజున భృతి ఆపకూడదు. బోర్డు ఇచ్చిన శాతాన్ని సదరం కూడా ఒప్పుకోవాలి. సికిల్‌సెల్‌ను 34 జబ్బుల జాబితాలో చేర్చాలి, రక్తపరీక్షలో ఆ వ్యాధి నిర్ధారణ అయినవాళ్లకు రెండు నిరీక్షణ రోజులు తీసేయాలి.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం, భృతి పెంచితే దొంగ జబ్బులు పెరుగుతాయని. నిరీక్షణ రోజులు పెట్టింది అందుకే. ఒక రోజు తలనొప్పికి సెలవు పెట్టేవాళ్లను ఆపడానికి ఆ నియమానికి అర్థం ఉండొచ్చు. సికిల్‌సెల్ మాత్రం ప్రయోగశాలలో ఒక్కసారి తేలిపోయే జబ్బు, ఎవరూ నటించి తెచ్చుకునేది కాదు. పైగా 60వ రోజున బోర్డు చూడడం అంటే తనిఖీ పెరగడమే తప్ప తగ్గడం కాదు. రెండో అభ్యంతరం డబ్బు. 2019 జులై 1న ఈఎస్ఐ మొత్తం చందాను వేతనంలో 6.5 శాతం నుంచి 4 శాతానికి తగ్గించారు. యజమానులకు, కార్మికులకు ఊరట అన్నారు. ఆదాయంలో అంత పెద్ద భాగాన్ని వదులుకోగలిగిన సంస్థ, ఎన్నో ఏళ్లు చందా కట్టి శాశ్వతంగా కుంగిపోయినవాళ్లకు ఖర్చు పెట్టలేనని చెప్పడం నిలవదు. మూడోది కొంచెం బరువైన వాదన: పనితో సంబంధం లేని వైకల్యం సంక్షేమ శాఖ బాధ్యత, బీమాది కాదు. కానీ ఈఎస్ఐ ఇప్పటికే క్యాన్సర్‌కు, పక్షవాతానికి రెండేళ్లు భృతి ఇస్తోంది, శ్రామిక్ కల్యాణ్ యోజనలో పని బయటి గాయాన్ని ఒప్పుకుంది. సూత్రం ప్రకారం ఆ గీతను అది ఎప్పుడో దాటేసింది. మిగిలింది ఎంతవరకు అన్న ప్రశ్న మాత్రమే. దిగువ భాగం సంక్షేమ పింఛనుకు, పైన చందా మేరకు బీమాకు అని వాటా పెట్టుకోవడంలో అసాధ్యం ఏమీ లేదు.

నాలుగో మాట అభ్యంతరం కంటే నిందగా వస్తుంది, అదీ న్యాయమైన నింద: ఉట్నూర్‌లో ఈఎస్ఐ కార్డు ఉన్నదెందరికి? ఎక్కువమంది పోడు, పత్తి చేలు, కూలి మీద బతికేవాళ్లు కదా అని. ఆదిలాబాద్ జిల్లాకు పేరు తెచ్చిన పత్తిని తూకం వేసి, జిన్నింగ్ చేసి, బేళ్లు కట్టే మిల్లుల్లో గాలిలో తేలే దూది ధూళి పీల్చేవాళ్లకు కూడా ఈ బీమా లేదు. పాత ఈఎస్ఐ చట్టం సీజనల్ ఫ్యాక్టరీలను మినహాయించింది, ఆ నిర్వచనంలో పత్తి జిన్నింగ్, ప్రెస్సింగ్ పేరు పెట్టి మరీ ఉన్నాయి. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా ఆ మినహాయింపును అలాగే ఉంచింది. అదే సమయంలో పత్తి ధూళితో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు బిసినోసిస్ వృత్తి వ్యాధుల షెడ్యూలులో ఉంది. జబ్బు షెడ్యూలులో ఉండి, ఆ ధూళి పీల్చే మనిషి చట్టం బయట ఉన్నాడు. అతడికి మిగిలింది ఉద్యోగుల నష్టపరిహారం దారి. అందులో తాత్కాలిక వైకల్యానికి ఇచ్చేది అర్ధ నెలకోసారి నెల వేతనంలో పావు వంతు, అంటే మొత్తమ్మీద సగం వేతనం, అదీ యజమాని చేతుల మీదుగా. జిన్నింగ్ సీజన్ ఆరేడు నెలలే కావచ్చు, ఆ ధూళి మాత్రం సీజన్ ముగిశాక కూడా ఊపిరితిత్తుల్లోనే ఉంటుంది. రెండు చందా కాలాల్లో ఒకదానిలోనైనా 78 రోజులు పనిచేసిన జిన్నింగ్ కార్మికుడికి ఈఎస్ఐ నంబరు ఇవ్వడానికి పార్లమెంటు ఒక నిర్వచనంలో రెండు మాటలు తీసేస్తే చాలు.